రెండున్నర లక్షలు ఆదా అయినట్టు కనిపించిన జులై: ఓవర్‌హెడ్ వేరియన్స్‌ల లెక్క

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు ఏడాదిలో నిండా నడిచేది రెండు మూడు నెలలే. జూన్‌లో తోతాపురి కాయ కొనుగోలు ర్యాంపులకు రావడం మొదలైతే ఆగస్టుకల్లా హడావుడి తగ్గిపోతుంది. మిగతా నెలల్లో షెడ్డూ బాయిలరూ ఊరికే ఉంటాయి గానీ ఇన్సూరెన్సు, తరుగుదల, కరెంటు డిమాండ్ ఛార్జీలు ఊరుకోవు. ఓవర్‌హెడ్ వేరియన్స్‌లను, అంటే ఫ్యాక్టరీ నడిపే ఖర్చుల్లో అనుకున్నదానికీ అయినదానికీ మధ్య తేడాలను, అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. పుస్తకంలో ఒకే గాటన కట్టే వేరియన్స్‌లు ఇక్కడ ఒకదానికొకటి పొంతన లేని కథలు చెబుతాయి.

ఒక ఫ్యాక్టరీ జులై నెల తీసుకుందాం. అంకెలు ఉదాహరణ కోసం కట్టినవి. లైను గంటకు 5 టన్నుల కాయ లాగుతుంది. టన్ను కాయకు అర టన్ను గుజ్జు వస్తుందని స్టాండర్డ్ పెట్టుకున్నారు కాబట్టి గంటకు 2.5 టన్నుల గుజ్జు, అంటే టన్ను గుజ్జుకు 0.4 మెషిన్ గంట. జులై బడ్జెట్ 1,500 టన్నులు, 600 గంటలు. లైను నడిచినకొద్దీ పెరిగే వేరియబుల్ ఓవర్‌హెడ్ గంటకు ₹4,000 చొప్పున ₹24,00,000. లైను నడిచినా నడవకపోయినా తప్పని ఫిక్స్‌డ్ ఓవర్‌హెడ్ ₹18,00,000. దాన్ని 600తో భాగిస్తే గంటకు ₹3,000.

నెల ముగిసేసరికి తయారైంది 1,200 టన్నులే. లైను నడిచింది 510 గంటలు. వేరియబుల్ ఓవర్‌హెడ్ ₹21,42,000, ఫిక్స్‌డ్ ₹18,45,000 అయింది.

తోతాపురి కిలో ఎంతకు కొన్నారన్న గొడవ ఈ లెక్కలోకి రాదు. అది ముడిసరుకు వేరియన్స్. ఇక్కడ చూసేది కట్టెలు, కరెంటు, కడుగుడు, షెడ్డు ఖర్చులు మాత్రమే. అయినా కాయ ఇందులోకి దొడ్డిదారిన ఎలా దూరుతుందో కాసేపట్లో తెలుస్తుంది.

ముందు బడ్జెట్‌ను వంచాలి

బడ్జెట్ ₹24 లక్షలు, ఖర్చు ₹21.42 లక్షలు. పక్కపక్కన పెడితే ₹2,58,000 మిగిలినట్టే. ప్రొడక్షన్ మేనేజరు మీటింగులో ఈ ముక్కే చెబుతాడు, చెప్పడంలో తప్పూ లేదు. కానీ ఆ ₹24 లక్షలు 1,500 టన్నుల కోసం అనుకున్నవి. 300 టన్నులు తక్కువ తీసి ఖర్చు తగ్గిందనడం, పెళ్లికి సగం మందే వచ్చారు కాబట్టి బియ్యం మిగిలాయని వంటవాణ్ణి మెచ్చుకోవడం లాంటిది.

ఫ్లెక్సిబుల్ బడ్జెట్ అడిగే ప్రశ్న వేరు: నిజంగా తీసిన 1,200 టన్నులకు ఎంత ఖర్చు కావాలి? 1,200 టన్నులకు 0.4 చొప్పున 480 గంటలు. అకౌంటింగ్‌లో వీటిని అనుమతించిన స్టాండర్డ్ గంటలు అంటారు. 480 గంటలకు ₹4,000 చొప్పున ₹19,20,000. ఖర్చు ₹21,42,000. అంటే ₹2,22,000 ఎక్కువైంది. ఆదా అనుకున్న నెల అధిక ఖర్చు నెలగా తేలింది.

అందరూ తడబడే చోటు ఆ 480. బడ్జెట్‌లోని 600 కాదు, లైను నడిచిన 510 కాదు. బయటికి వచ్చిన సరుకు ఎన్ని గంటలకు అర్హమో అన్ని గంటలు. ఈ ఒక్క అంకె తప్పు వేస్తే కింద లెక్కలన్నీ తప్పుతాయి. తప్పినట్టు ఎవరికీ తెలియదు కూడా, ఎందుకంటే కూడికలు సరిపోతూనే ఉంటాయి.

వేరియబుల్ ఓవర్‌హెడ్: రెండు ముక్కలు

₹2,22,000 ప్రతికూల వేరియన్స్‌ను నడిచిన గంటల దగ్గర కోస్తే రెండు ముక్కలవుతుంది.

స్పెండింగ్ వేరియన్స్: ₹21,42,000 − (510 × ₹4,000) = ₹1,02,000 ప్రతికూలం.
ఎఫిషియెన్సీ వేరియన్స్: (510 − 480) × ₹4,000 = ₹1,20,000 ప్రతికూలం.

మన దగ్గర పరీక్షల పుస్తకాలు మొదటిదాన్ని ఎక్కువగా ఎక్స్‌పెండిచర్ వేరియన్స్ అంటాయి. పేరు ఏదైనా లెక్క అదే.

స్పెండింగ్ వేరియన్స్ అనగానే రేటు పెరిగిందని చాలామంది అనుకుంటారు. ముడిసరుకులో ధర వేరియన్స్ అంటే ధరే, కానీ ఓవర్‌హెడ్‌లో అలా కాదు. గంటకు ₹4,000 అన్నది ధర కాదు, చాలా వస్తువుల ధరలూ వాడకాలూ కలిసిన ముద్ద. మన ఫ్యాక్టరీలో అందులో బాయిలర్ కట్టెలకు ₹2,400, కరెంటు యూనిట్లకు ₹1,200, కడిగే రసాయనాలకు, చిల్లర సామాన్లకు ₹400 ఉన్నాయి. 510 గంటలకు విప్పి చూస్తే ఇలా ఉంటుంది:

| ఖర్చు | 510 గంటలకు స్టాండర్డ్ | అయిన ఖర్చు | తేడా |
|---|---|---|---|
| కట్టెలు | ₹12,24,000 | ₹13,38,000 | ₹1,14,000 ఎక్కువ |
| కరెంటు యూనిట్లు | ₹6,12,000 | ₹5,94,000 | ₹18,000 తక్కువ |
| రసాయనాలు, చిల్లర | ₹2,04,000 | ₹2,10,000 | ₹6,000 ఎక్కువ |

కట్టెల వరుస దగ్గర ఆగాలి. స్టాండర్డ్ ప్రకారం గంటకు 600 కిలోలు, టన్ను ₹4,000. జులైలో టన్ను ₹3,750కే కొన్నారు. కొన్నవాళ్లు సంతోషపడ్డారు. కానీ వచ్చినవి వానకు తడిసిన పచ్చి కట్టెలు. అందులోని నీరు ఆవిరి కావడానికే కొంత వేడి ఖర్చయిపోతుంది, ఆ మేరకు బాయిలర్‌లో ఆవిరి తగ్గుతుంది. ఆవిరి పీడనం పడిపోకుండా ఫైర్‌మ్యాన్ ఇంకో నాలుగు దుంగలు తోస్తాడు. అలా 306 టన్నులు కాలాల్సిన చోట 356.8 టన్నులు కాలాయి. టన్నుకు ₹250 తక్కువకు కొనడం వల్ల మిగిలింది ₹89,200. అదనంగా కాలిన 50.8 టన్నుల విలువ స్టాండర్డ్ రేటులో ₹2,03,200. ఆ మిగులు పోగా నికర నష్టం ₹1,14,000.

ఈ మొత్తం కథ స్పెండింగ్ వేరియన్స్‌లోనే ఉంది. ధర తగ్గడమూ, వాడకం పెరగడమూ రెండూ అందులోనే. అందుకే ‘స్పెండింగ్ వేరియన్స్ వచ్చింది, పర్చేజ్ వాళ్లను పిలవండి’ అనేముందు, వరుసవారీగా విప్పి, ఒక్కో వరుసలో ధర ఎంత, పరిమాణం ఎంత అని విడదీయాలి. అందుకు కావలసింది రెండే: కట్టెల తూకం చీట్లు, బాయిలర్ లాగ్ బుక్కు. నెలాఖరు స్టాక్ కొలవకుండా కొన్నదంతా కాలిందని రాస్తే ఈ విడదీత పనికిరాదు. జులైలో కొని ఆగస్టుకు మిగిలిన కట్టెలు జులై వేరియన్స్‌ను ఉబ్బిస్తాయి, ఆగస్టులో మాయగా అనుకూలం చూపిస్తాయి. వరసగా రెండు నెలలు ఒకే వరుస ఎదురెదురు గుర్తులతో దాదాపు సమానంగా వస్తే ముందుగా అనుమానించాల్సింది స్టాక్ కొలతనే.

కరెంటు బిల్లులో ఇంకో ఉచ్చు ఉంది. ఫ్యాక్టరీలకిచ్చే హెచ్‌టీ కనెక్షన్ బిల్లులో యూనిట్ల ఛార్జీ వేరు, కేవీఏలలో కొలిచే లోడు మీద పడే డిమాండ్ ఛార్జీ వేరు. మొదటిది వేరియబుల్, రెండోది ఫిక్స్‌డ్. మొత్తం బిల్లును వేరియబుల్‌లో వేసేస్తే, లైను తక్కువ నడిచిన నెలలో ఫ్లెక్సిబుల్ బడ్జెట్ డిమాండ్ ఛార్జీ కూడా తగ్గాలని ఆశిస్తుంది. అది తగ్గదు. అప్పుడు ఎవరి తప్పూ లేని ప్రతికూల వేరియన్స్ ఒకటి పుడుతుంది. ఉత్పత్తి తగ్గినప్పుడల్లా ప్రతికూలం, పెరిగినప్పుడల్లా అనుకూలం చూపే వరుస ఏదైనా ఉంటే, అందులో ఫిక్స్‌డ్ ఖర్చు కలిసిపోయిందని లెక్క.

ఎఫిషియెన్సీ వేరియన్స్ ఎవరి గురించి?

₹1,20,000 ఎఫిషియెన్సీ వేరియన్స్ కట్టెలనో కరెంటునో దుబారా చేశారని చెప్పడం లేదు. ఆ దుబారా ఉంటే స్పెండింగ్‌లోనే పడింది, చూశాం కదా. ఎఫిషియెన్సీ వేరియన్స్ చెప్పేది ఒక్కటే: 1,200 టన్నులకు 30 గంటలు ఎక్కువ పట్టాయి, ఆ గంటల వెంట ఓవర్‌హెడ్ కూడా వెళ్లింది. కాబట్టి వెతకాల్సింది గంటల కోసం.

వే బ్రిడ్జి రికార్డు తీస్తే జులైలో లైనులోకి వెళ్లిన కాయ 2,500 టన్నులు. స్టాండర్డ్ ప్రకారం 1,200 టన్నుల గుజ్జుకు 2,400 టన్నులు చాలు. గుజ్జు 50 శాతం రావాల్సింది 48 శాతమే వచ్చింది. సరిగా పక్వానికి రాని కాయ, మచ్చలున్న కాయ ఎక్కువ వస్తే ఇలాగే ఉంటుంది. ఏరిపారేసేది పెరుగుతుంది, తొక్కకూ టెంకకూ అంటుకుని పోయేదీ పెరుగుతుంది. గుజ్జు తీసే పల్పర్ మాత్రం తన వేగంలో తాను 2,500 టన్నులను 500 గంటల్లో లాగింది. గంటకు 5 టన్నులు, స్టాండర్డ్‌కు వెంట్రుకవాసి తేడా లేదు. అదనంగా పోయిన 20 గంటలు, అంటే ₹80,000, కాయ నాణ్యత ఖాతాలోవి. గేటు దగ్గర కాయ తీసుకున్నవాళ్లు సమాధానం చెప్పాలి, లైను ఆపరేటర్లు కాదు. ఇందాక చెప్పిన దొడ్డిదారి ఇదే.

మిగిలిన 10 గంటలు వేరే. గుజ్జును సూక్ష్మజీవులు లేకుండా నింపే ఎసెప్టిక్ లైనులో కరెంటు పోయి స్టెరిలైజర్ ఉష్ణోగ్రత పడిపోతే, కరెంటు రాగానే మళ్లీ మొదలుపెట్టడం కుదరదు. లైను కడిగి, ఆవిరితో మళ్లీ స్టెరిలైజ్ చేసి, ఆ తర్వాతే ఫిల్లర్ దగ్గర డ్రమ్ములోని సంచి తెరవాలి. ఒక్కోసారికి రెండున్నర గంటల చొప్పున నాలుగుసార్లు ఇలా జరిగింది. ఆ గంటల్లో ఆవిరీ కరెంటూ ఖర్చవుతూనే ఉన్నాయి, గుజ్జు మాత్రం రాలేదు. ఇది ₹40,000. దీనికి మందు జనరేటర్ ఎంత త్వరగా అందుకుంటుందన్న దాంట్లో ఉంది.

ఒక హెచ్చరిక. ఈ లెక్కంతా ఓవర్‌హెడ్ నిజంగానే మెషిన్ గంటలను అనుసరిస్తుందన్న నమ్మకం మీద నిలబడింది. కట్టెలు, కరెంటు చాలావరకు అనుసరిస్తాయి. కాస్టిక్ సోడా మాత్రం గంటలను బట్టి కాదు, లైను ఎన్నిసార్లు కడిగారన్నదాన్ని బట్టి పోతుంది. అది చిన్న మొత్తం కాబట్టి ఇక్కడ వదిలేయొచ్చు. కొన్ని ఫ్యాక్టరీలు పాత అలవాటుగా ఓవర్‌హెడ్ మొత్తాన్ని కూలీల గంటల మీద కడతాయి. కాయ ఏరే దగ్గర నలుగురు ఎక్కువ కూర్చుంటే బాయిలర్ ఎక్కువ మండదు కదా. అక్కడ వచ్చే ఎఫిషియెన్సీ వేరియన్స్‌కు కాగితం మీద తప్ప అర్థం లేదు. పాత నెలల గంటలనూ ఖర్చులనూ గ్రాఫ్ మీద చుక్కలుగా పెట్టి చూస్తే ఆ రెండూ కలిసి కదులుతున్నాయో లేదో పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఫిక్స్‌డ్ ఓవర్‌హెడ్: వంగని బడ్జెట్

ఉత్పత్తి 1,200 టన్నులైనా 1,500 టన్నులైనా ఫ్లెక్సిబుల్ బడ్జెట్‌లో ఫిక్స్‌డ్ ఓవర్‌హెడ్ ₹18,00,000గానే ఉంటుంది. అందుకే ఇక్కడ స్పెండింగ్ వేరియన్స్ తీయడం సులువు: ₹18,45,000 − ₹18,00,000 = ₹45,000 ప్రతికూలం. జనరేటర్ మెయింటెనెన్స్ కాంట్రాక్టు పెరిగినందుకు ₹30,000, ఇన్సూరెన్సు ప్రీమియానికి ₹15,000. గంటలతో పనిలేదు, ఎఫిషియెన్సీతో పనిలేదు. ఓచర్లు చూస్తే అయిపోతుంది.

వాల్యూమ్ వేరియన్స్‌తోనే తంటా. సరుకు ధర కట్టడానికి ప్రతి స్టాండర్డ్ గంటకూ ₹3,000 చొప్పున ఫిక్స్‌డ్ ఓవర్‌హెడ్‌ను గుజ్జు మీద వేస్తూ పోతాం. 480 గంటలకు సరుకు మీదికి ఎక్కింది ₹14,40,000. బడ్జెట్ ₹18,00,000. ఎక్కకుండా మిగిలిన ₹3,60,000 వాల్యూమ్ వేరియన్స్, ప్రతికూలం. ఇంకోలా చెప్పాలంటే తక్కువైన 300 టన్నులకు టన్నుకు ₹1,200 చొప్పున.

ఈ ₹3,60,000 ఎవరి జేబులోంచీ అదనంగా పోలేదు. బడ్జెట్ ₹18 లక్షలు ముందే ఖాయమైన ఖర్చు. అయిన ఖర్చు ఈ వేరియన్స్‌లో ఎక్కడా కనబడదు, గమనించండి: సూత్రంలో ₹18,45,000 లేనే లేదు. ఖర్చు తగ్గించి వాల్యూమ్ వేరియన్స్‌ను తగ్గించడం ఎవరి వల్లా కాదు. అది కేవలం 600 గంటలకు పంచిన భారాన్ని 480 గంటలే మోశాయన్న సంగతి.

అలాగని 300 టన్నులు తీయకపోవడం వల్ల పోయింది ₹3,60,000 అనుకోవడమూ తప్పే. టన్ను గుజ్జు అమ్మితే వేరియబుల్ ఖర్చులన్నీ పోను ₹5,000 మిగిలేదనుకుంటే, అమ్ముకోగలిగిన 300 టన్నులు పోతే నష్టం ₹15 లక్షలు. ఆర్డర్లు లేక ఆపి ఉంటే నష్టం దాదాపు ఏమీ లేదు, పైగా అమ్ముడుపోని డ్రమ్ముల్లో డబ్బు ఇరుక్కోకుండా మిగిలింది. రెండు సందర్భాల్లోనూ వాల్యూమ్ వేరియన్స్ మాత్రం అదే ₹3,60,000. వ్యాపార నిర్ణయానికి ఆ అంకె పనికిరాదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మన సీఏ, సీఎంఏ సిలబస్‌లు దీన్ని ఇంకా కోస్తాయి. నడవాల్సిన 600 గంటలకు 510 మాత్రమే నడిచినందుకు 90 × ₹3,000 = ₹2,70,000 కెపాసిటీ వేరియన్స్; నడిచిన 510 గంటల్లో 480 గంటల పనే జరిగినందుకు 30 × ₹3,000 = ₹90,000 ఎఫిషియెన్సీ వేరియన్స్. అమెరికన్ పుస్తకాల్లో ఫిక్స్‌డ్ ఓవర్‌హెడ్‌కు ఎఫిషియెన్సీ వేరియన్స్ సాధారణంగా ఉండదు. 30 గంటలు తగ్గించినంత మాత్రాన ఇన్సూరెన్సు తగ్గదు కాబట్టి ఆ పద్ధతిలో అర్థముంది. అయితే ఆ 90 గంటలు ఎందుకు ఆగాయన్న ప్రశ్న మాత్రం విలువైనది. కాయ రాకనా, ఆర్డర్లు లేకనా, రిపేరా? ఈ మూడింటినీ లాగ్ బుక్కులో విడివిడిగా రాయకుండా ‘లైను ఆగింది’ అని ఒక్క మాటతో సరిపెడితే కెపాసిటీ వేరియన్స్ లెక్కకు వస్తుంది, కారణం రాదు.

600 ఎక్కడినుంచి వచ్చింది?

వాల్యూమ్ వేరియన్స్ పరిమాణాన్ని నిర్ణయించేది భాజకమే. ఈ ఫ్యాక్టరీ ఏడాది ఫిక్స్‌డ్ ఖర్చు ₹45 లక్షలు. దాన్ని సీజన్‌లోని 1,500 గంటలకు పంచితే గంటకు ₹3,000, అందులో జులై వాటా ₹18 లక్షలు. అలా కాకుండా పన్నెండు నెలలకు సమానంగా ₹3,75,000 చొప్పున పంచితే జులైలో గంటకు ₹625 పడుతుంది. గుజ్జు చవగ్గా కనిపిస్తుంది. నవంబరులో లైను ఒక్క గంటా నడవదు కాబట్టి ఆ నెల ₹3,75,000 మొత్తం ప్రతికూల వాల్యూమ్ వేరియన్స్. ఖాళీ నెలల్లో ఏటా తప్పక వచ్చే వేరియన్స్‌ను వేరియన్స్ అనడమే దండగ. సీజన్ పరిశ్రమకు భాజకం సీజన్ గంటలే కావాలి.

అకౌంటింగ్ స్టాండర్డ్ AS 2, Ind AS 2 కూడా ఇక్కడికే తీసుకొస్తాయి. ఫిక్స్‌డ్ ప్రొడక్షన్ ఓవర్‌హెడ్‌ను సాధారణ సామర్థ్యం మీద పంచాలంటాయి. సాధారణ సామర్థ్యమంటే మామూలు పరిస్థితుల్లో కొన్ని కాలాలకు లేదా సీజన్లకు సగటున ఆశించే ఉత్పత్తి. పూత నిలవని ఒక్క ఏడాది చూసుకుని భాజకాన్ని తగ్గించకూడదు, నిండుగా కాసిన ఒక్క ఏడాది చూసుకుని పెంచకూడదు.

ఉత్పత్తి తగ్గిందని మిగిలిన సరుకు మీద ఎక్కువ ఓవర్‌హెడ్ రుద్దడమూ కుదరదు. గోడౌన్‌లో ఉన్న డ్రమ్ములకు టన్నుకు ₹1,200 చొప్పునే ఎక్కాలి. ఎక్కని ₹3,60,000 ఆ కాలపు లాభనష్టాల ఖాతాకు ఖర్చుగా వెళ్లాలి. ₹18,45,000ను 1,200 టన్నులకు భాగించి టన్నుకు ₹1,537.50 వేసి మిగులు సరుకు విలువ కట్టేవాళ్లున్నారు. అలా చేస్తే ఖాళీగా ఉన్న లైను ఖర్చు ఆస్తిగా మారి బ్యాలెన్స్ షీటులో కూర్చుంటుంది. ఆడిటరు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

ఉత్పత్తి అసాధారణంగా పెరిగినప్పుడు లెక్క తిరగబడుతుంది. జులైలో 1,700 టన్నులు తీశారనుకోండి. 680 స్టాండర్డ్ గంటలకు ₹20,40,000 ఎక్కుతుంది, అనుకూల వాల్యూమ్ వేరియన్స్ ₹2,40,000 కనిపిస్తుంది. కానీ అయిన ఖర్చు ₹18,45,000 మాత్రమే. అయినదానికంటే ఎక్కువ ఓవర్‌హెడ్‌ను స్టాక్ మీద ఉంచితే డ్రమ్ములకు లేని విలువ వస్తుంది. అందుకే అలాంటి సీజన్‌లో టన్నుకు ₹1,200 కాకుండా సుమారు ₹1,085కు దించి స్టాక్ విలువ కట్టాలి. కొనేవాళ్లు లేకపోయినా ఆగస్టు ఆఖర్లో ఇంకో వంద టన్నులు లాగేసి వేరియన్స్‌ను అందంగా చూపించాలనుకునేవాళ్లకు ఈ నియమం అడ్డుపడుతుంది. వాళ్లు లాగిన గుజ్జుకు కాయ, కట్టెలు, కరెంటు ఖర్చయ్యాయి, డ్రమ్ములు గోడౌన్‌లోనే ఉన్నాయి.